సైటు ఆలస్యమైంది, వచ్చింది సగమే: ఫిర్యాదు రాసేవాళ్లకు ఏడు పాఠాలు

నల్లగొండలో మాకు ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. పెండ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలతో మొదలుపెట్టాం. కాలం మారాక దుకాణాల వాళ్లకు వెబ్‌సైట్లు కూడా చేసి ఇచ్చాం. ఇప్పుడు ప్రెస్సు కొడుకు చూసుకుంటున్నాడు. నా దాకా వచ్చేవి పంచాయతీలే. "సైటు చెప్పిన టైముకు ఇయ్యలే, ఇచ్చింది సగం నడుస్తలేదు" అంటూ మిర్యాలగూడ నుంచీ వస్తారు, పాలమూరు నుంచీ వస్తారు. డెవలపర్ బాధ తెలుసు, దుకాణదారు బాధా తెలుసు కాబట్టి ఇద్దరూ నా మాట వింటారు.

2024 సెప్టెంబర్ నెలాఖరు సంగతి. నారాయణపేటలో చేనేత చీరల దుకాణం నడుపుకునే ఒక తల్లీ బిడ్డా వచ్చారు. హైదరాబాద్‌లో ఒక్కడే పనిచేసుకునే ఒక యువకుడికి సైటు పని అప్పజెప్పారు. మొత్తం 60,000 రూపాయలు. అడ్వాన్సు 25,000, డిజైన్ ఒప్పుకున్నాక 20,000, సైటు చేతికిచ్చినప్పుడు 15,000. సెప్టెంబర్ 10కి ఇస్తానన్నాడు, 29న ఇచ్చాడు. అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ. ఆ బిడ్డ అప్పటికే ఫోన్‌లో మెసేజ్ రాసి పెట్టుకుంది: "మీరు మమ్మల్ని మోసం చేశారు. సైటు అసలు పనిచేయట్లేదు. పైసలు వాపస్ ఇవ్వండి, లేకుంటే కేసు పెడతాం."

"పంపకు బిడ్డా" అన్నాను. "నువ్వు మోసమంటే ఆయన కాదంటడు. అసలు పనిచేస్తలేదంటే, హోమ్ పేజీ తెరిచి ఫొటో తీసి పంపుతడు. ఆడికి నీ మాట అబద్ధమైతది."

ఆ రోజు కూర్చుని మేం రాసిన ఫిర్యాదును ముందు పెట్టుకుని ఈ పాఠాలు చెబుతున్నాను.

1. ఏం ఒప్పుకున్నారో ముందు ఒక కాగితం మీదికి రావాలి

మన దగ్గర ఒప్పందం ఒకచోట ఉండదు. రేటు ఒక పీడీఎఫ్‌లో, తేదీ ఒక వాయిస్ మెసేజ్‌లో, మార్పులు ఫోన్ మాటల్లో, డబ్బు సంగతి యూపీఐ లెక్కల్లో ఉంటాయి. నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు చెల్లుతుంది, కానీ నిరూపించేది మాత్రం మనమే. అందుకని వాట్సాప్ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయించాను. వాయిస్ మెసేజ్‌లను తేదీ, సమయంతో సహా కాగితం మీద రాయించాను. ఆ పాత ఫోన్ అమ్మొద్దని, చాట్ చెరపొద్దని చెప్పాను. రేపు కోర్టుదాకా పోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోన్ చేతిలో లేకుంటే ఆ పని కష్టం.

కొటేషన్‌లో నాలుగు మాటలున్నాయి: 60 చీరల కేటలాగు, ఆన్‌లైన్ పేమెంటు, ఫోన్‌లో సరిగ్గా కనబడటం, తెలుగు–ఇంగ్లిష్ రెండు భాషలు. "కొరియర్ యాడికి వచ్చిందో సైటులో కనబడుతలేదు" అని తల్లికి చాలా కోపంగా ఉంది. చాటంతా వెతికితే ఆ ముచ్చట ఎక్కడా లేదు. దాన్ని ఫిర్యాదులోంచి తీసేశాం. ఒప్పుకోని పని ఒక్కటి చేర్చినా అవతలివాడు దాన్నే పట్టుకుని వాదిస్తాడు, మిగతావన్నీ పక్కకు పోతాయి.

2. ఆలస్యం వేరు, లోపం వేరు. ఆలస్యం మాట సైటు తీసుకునేటప్పుడే రాయాలి

చాలామంది ఇక్కడే హక్కు పోగొట్టుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. గడువే ముఖ్యమైన ఒప్పందంలో గడువు దాటితే, అవతలి పక్షం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు చేసుకోకుండా ఆలస్యంగా వచ్చిన పనిని తీసుకుంటే, ఆలస్యం వల్ల జరిగిన నష్టాన్ని తర్వాత అడగడానికి వీల్లేదు. అడగాలంటే, తీసుకునేటప్పుడే "నష్టం అడిగే హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాం" అని తెలియజేయాలి. సైటు లింకు రాగానే చేతులు జోడించిన బొమ్మ పెట్టి "థాంక్యూ తమ్ముడూ" అని పంపి, నెల తర్వాత ఆలస్యం గురించి కొట్లాడితే ఆ మాటకు బలం తగ్గుతుంది.

గడువు ముఖ్యమని ఆ యువకుడికి తెలుసా అన్నది రెండో ప్రశ్న. జులైలో తల్లి పంపిన వాయిస్ మెసేజ్ దొరికింది: "బతుకమ్మకు ముందే గావాలె తమ్ముడూ. పండుగ అయినంక చీరలు ఎవలు కొంటరు?" దానికి ఆయన "పక్కా అక్కా" అన్నాడు. మా ఫిర్యాదులో అన్నిటికన్నా బలమైన కాగితం అదే.

ఇక నష్టం ఎంత? బిడ్డ రెండు లక్షలంది. అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక్క చీరా అమ్మని దుకాణానికి రెండు లక్షల అమ్మకం పోయిందని ఎట్లా చూపిస్తాం? 73వ సెక్షన్ ఇప్పించేది ఒప్పందం తప్పడం వల్ల నేరుగా కలిగిన నష్టం, లేదా కలుగుతుందని ఇద్దరికీ ముందే తెలిసిన నష్టం. దూరపు నష్టాలకు అందులో చోటు లేదు. వెతికితే గట్టిది ఒకటి దొరికింది. సైటు అడ్రసు, క్యూఆర్ కోడ్ వేసి "సెప్టెంబర్ 15 నుంచి" అంటూ కరపత్రాలు కొట్టించారు. బిల్లు 4,800. కొట్టించే ముందు ఆ ప్రూఫు డెవలపర్‌కూ పంపారు. ఆయన చూసి బాగుందన్నాడు. రెండు లక్షల మాట వదిలి ఆ 4,800 రాశాం.

3. లోపాన్ని అవతలివాడు తన దగ్గర మళ్లీ చేసి చూసుకునేట్టు రాయాలి

"పేమెంటు పనిచేస్తలేదు" అంటే డెవలపర్ తన లాప్‌టాప్‌లో కార్డుతో కట్టి చూసి, "నా దగ్గర పనిచేస్తోంది" అంటాడు. అబద్ధమేమీ కాదు, ఆయన దగ్గర నిజంగానే పనిచేస్తుంది. అందుకే ప్రతి లోపానికీ ఐదు సంగతులు రాయాలి: ఏ ఫోన్, ఏ బ్రౌజర్, వరుసగా ఏమేం నొక్కాం, ఏం కావాల్సింది, ఏమైంది. తేదీ, టైము, స్క్రీన్‌షాట్ జతచేయాలి.

మా ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ పట్టుకుని కూర్చున్నాం. చవక రకం ఒక చీర ఎంచుకుని పలు రకాలుగా ఆర్డరు పెట్టాం. లాప్‌టాప్‌లో కార్డుతో కడితే ఆర్డరు వచ్చింది. ఫోన్‌లో యూపీఐతో కట్టి, వెంటనే బ్రౌజర్‌కు తిరిగి వస్తే ఆర్డరు వచ్చింది. కట్టి, యూపీఐ యాప్‌లోనే ఆగిపోతే మాత్రం డబ్బు పోయింది గానీ సైటులో ఆర్డరు `Pending` అనే ఉండిపోయింది. కొనేవాళ్లలో చాలామంది చేసేది అదే. డబ్బు కట్టామన్న టిక్కు కనబడగానే ఫోన్ పక్కన పెడతారు.

కారణం నాకు అర్థమైంది. డబ్బు కట్టిన మనిషి సైటులోని "ధన్యవాదాలు" పేజీకి తిరిగి వస్తేనే ఆర్డరు ఖాయమయ్యేట్టు ఆయన రాశాడు. పద్ధతి అది కాదు. డబ్బు అందగానే పేమెంట్ గేట్‌వే తన సర్వర్ నుంచి మన సర్వర్‌కు నేరుగా ఒక కబురు పంపుతుంది. దాన్ని వెబ్‌హుక్ అంటారు. కొన్న మనిషి ఫోన్ ఆపేసినా ఆ కబురు వస్తుంది. ఆ కబురు గేట్‌వే నుంచే వచ్చిందా అని సంతకం సరిచూసుకుని, దాన్ని బట్టి ఆర్డరు ఖాయం చేయాలి. ఈ యువకుడు ఆ భాగమే పెట్టలేదు.

ఇది కనిపెట్టడానికి కోడ్ తెలియాల్సిన పని లేదు. గేట్‌వే ఖాతాలో ఆ రోజు అందిన చెల్లింపులు లెక్కపెట్టండి. సైటులో ఖాయమైన ఆర్డర్లు లెక్కపెట్టండి. మాకు అక్కడ ఐదు, ఇక్కడ మూడు. ఆ రెండు పేజీల ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపితే "నా దగ్గర పనిచేస్తోంది" అనే మాట రాదు. అయితే ఒక జాగ్రత్త. వెబ్‌హుక్ పెట్టు అని మనం పనిముట్టు చెప్పొద్దు. కట్టిన ప్రతి రూపాయికీ ఆర్డరు రావాలి అని ఫలితం చెప్పాలి. పనిముట్టు మనం చెప్పి అది కుదరకపోతే తప్పు మన మీదికి వస్తుంది.

4. లోపాలను కలిపి, బరువు చూసి వరుస పెట్టాలి

2021 జూన్ 7న ఆదాయపు పన్ను శాఖ కొత్త పోర్టల్ మొదలైంది. చేసింది ఇన్ఫోసిస్. మొదటి రోజు నుంచే ఫిర్యాదులు. జూన్ 22న ఆర్థిక శాఖ ఆ కంపెనీ వాళ్లతో కూర్చునేసరికి 700కు పైగా ఈమెయిళ్లు వచ్చి ఉన్నాయి. వాటిలో 2,000కు పైగా సమస్యలు. కలిపి చూస్తే వేర్వేరు సమస్యలు 90 అని తేలింది. ఆగస్టులో రెండు రోజులు పోర్టల్ మూతపడితే కంపెనీ సీఈఓను పిలిపించి, సెప్టెంబర్ 15 లోపు సరిచేయాలని గడువు పెట్టారు. అంత పెద్ద ప్రభుత్వానికైనా ముందు చేయాల్సి వచ్చింది లెక్కను 90కి కుదించడమే.

ఆ బిడ్డ రాసుకున్న జాబితా మూడు పేజీలుంది. ఇరవై చీరల ఫొటోలు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని ఇరవై వరుసలు రాసింది. అది ఒక్కటే లోపం: కెమెరా ఫొటోలను చిన్నవి చేయకుండా అట్లాగే ఎక్కించాడు. అన్నీ కలిపితే తొమ్మిది మిగిలాయి. వాటిని మూడు కుప్పలు చేశాం. డబ్బు పోగొట్టేవి మొదటి కుప్ప, కొనేవాళ్లను రానీయనివి రెండోది, చూడటానికి బాగాలేనివి మూడోది. మొదటి కుప్పకు రెండు మూడు రోజుల గడువు, చివరి కుప్పకు పండుగ దాటాక గడువు.

రెండో కుప్పలో ఒక విచిత్రం ఉంది. గూగుల్‌లో దుకాణం పేరు కొట్టినా సైటు రావడం లేదు. కొత్త సైటుకు కొన్ని రోజులు పడుతుంది, అది సహజమే. కానీ సైటు అడ్రసు చివర `/robots.txt` అని చేర్చి తెరిస్తే ఇది కనబడింది:

```
User-agent: *
Disallow: /
```

ఏ సెర్చ్ ఇంజన్ కూడా లోపలి పేజీలు చదవొద్దు అని దీని అర్థం. సైటు తయారీలో ఉన్నప్పుడు పెట్టి, ఇచ్చేటప్పుడు తీయడం మరిచాడు. తీయడానికి నిమిషం పని, తీయకుంటే ఎన్నాళ్లు చూసినా గూగుల్‌లో చీరల పేజీలు దొరకవు.

5. మన వైపు ఆలస్యాన్ని మనమే రాయాలి

చీరల ఫొటోలన్నీ ఆగస్టు 10కి పంపుతామని వీళ్లు ఒప్పుకున్నారు. చివరివి పంపింది 18న. అంటే సైటు 19 రోజులు ఆలస్యమైతే అందులో ఎనిమిది రోజులు వీళ్లవి. తల్లికి ఆ మాట రాయడం ఇష్టం లేదు. "మనమే చెప్పుకుంటే తక్కువైతం గద సారూ?" అంది. ఆ తేదీ ఆయన చాట్‌లోనూ ఉంది. ఆయన బయటపెడితే మనం దాచినట్టు అవుతుంది, మనం రాస్తే మిగతా పదకొండు రోజుల మాట నిలబడుతుంది.

తెలుగు సంగతి కూడా అంతే. చీరల వివరణలు తెలుగులో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనబడుతున్నాయి. డెవలపర్‌ను తిట్టబోతుంటే ఆపాను. ఆ మ్యాటర్ వీళ్లకు డీటీపీ చేసినవాళ్లు అను ఫాంట్లలో కొట్టిచ్చారు. ప్రెస్సులో అది బాగుంటుంది. అది యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫాంటు లేని ఫోన్‌లో అక్షరాలు చెదిరిపోతాయి. ఇచ్చింది వీళ్లు, తెరిచి చూడకుండా ఎక్కించింది ఆయన. "వివరణలు యూనికోడ్‌లో మేమే కొట్టించి 5వ తేదీకి ఇస్తాం, మీరు మార్చి పెట్టాలి" అని రాశాం.

6. గొడవకు ముందే తాళాలు మన చేతికి రావాలి

ఫిర్యాదు పంపే ముందు నేను అడిగే ప్రశ్న: డొమైన్ ఎవరి పేరున ఉంది? డొమైన్ కొన్న ఖాతాలోకి ఎవరి ఈమెయిల్‌తో లాగిన్ అవుతారో వాళ్లదే పెత్తనం. చాలా చోట్ల అది డెవలపర్ ఈమెయిలే. దురుద్దేశం ఏమీ ఉండదు, పని సులువని అట్లా చేస్తారు. మాటా మాటా పెరిగాక మాత్రం అదే ఆయుధమవుతుంది. రెన్యువల్ తేదీ దాటిపోతే కరపత్రాల మీది అడ్రసు మనది కాకుండా పోతుంది.

ఇక్కడ గేట్‌వే ఖాతా దుకాణం పేరునే ఉంది, డబ్బు నేరుగా వీళ్ల బ్యాంకుకే వస్తోంది. డొమైన్, హోస్టింగ్ ఆయన ఖాతాలో ఉన్నాయి. ముందు మామూలుగా, మర్యాదగా ఒక మెసేజ్ పెట్టించాం: "తమ్ముడూ, డొమైన్ మా ఈమెయిల్‌కు మార్చి, హోస్టింగ్ లాగిన్, సైటు మొత్తం బ్యాకప్ ఇయ్యి." సాయంత్రానికి ఇచ్చాడు. లాగిన్ వచ్చింది కదా అని ఆయన పాస్‌వర్డు తీసేయొద్దన్నాను. ఆయన్ను బయట పెడితే "నన్ను రానీయలేదు, ఎట్లా సరిచేయను?" అంటాడు.

కోడ్ సంగతీ చూసుకోవాలి. డబ్బు కట్టినంత మాత్రాన కోడ్ మీద కాపీరైటు మనది కాదు. జీతానికి కాకుండా కాంట్రాక్టుకు రాసినవాడిదే కాపీరైటు. అది మనకు రావాలంటే రాతపూర్వకంగా బదిలీ చేయాలని 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. ఆఖరి వాయిదా ఇచ్చేటప్పుడు ఆ కాగితం రాయించుకోవడం సులువు, ఇచ్చాక కష్టం.

7. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా పంపాలి, అడిగేది స్పష్టంగా అడగాలి

మిగిలిన 15,000 ఆపుకుని ఊరుకుంటే సరిపోతుందనుకుంటారు. డెవలపర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ అయితే అది ఎదురు తిరుగుతుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, పని అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాత ఒప్పందంలో ఎంత గడువున్నా 45 రోజులు దాటి డబ్బు ఆపడానికి లేదు, ఆపితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. అందుకే 29న సైటు వస్తే అక్టోబర్ 1న ఈమెయిల్ పంపించాం. అదే వాట్సాప్‌లో కూడా. అది ఇట్లా ఉంది:

"నమస్తే. సెప్టెంబర్ 10కి ఇవ్వాల్సిన సైటు 29న అందింది. ఫొటోలు మేం ఎనిమిది రోజులు ఆలస్యంగా ఇచ్చిన మాట నిజం. బతుకమ్మకు ముందే కావాలని జులైలోనే చెప్పాం, మీరు ఒప్పుకున్నారు. ఆలస్యం వల్ల అయిన నష్టం అడిగే హక్కు ఉంచుకునే సైటు తీసుకుంటున్నాం. సైటులో తొమ్మిది లోపాలున్నాయి, వివరాలు, ఫొటోలు జతచేశాం. మొదటి నాలుగు అక్టోబర్ 4లోపు, మిగతావి 20లోపు సరిచేయాలి. అవి సరయ్యేదాకా ఈ పనిని పూర్తయినట్టు ఒప్పుకోవడం లేదు. అన్నీ సరయ్యాక మిగిలిన 15,000లో కరపత్రాల ఖర్చు 4,800 తగ్గించి, మూడు రోజుల్లో చెల్లిస్తాం. 4వ తేదీకి మొదటి నాలుగూ కాకపోతే వేరొకరితో చేయించి, ఆ ఖర్చు కూడా తగ్గిస్తాం."

ఇందులో మోసమన్న మాట లేదు, కేసన్న మాట లేదు. చదివినవాడికి రేపు పొద్దున లేచి ఏం చేయాలో తెలుస్తుంది, చేస్తే డబ్బు ఎప్పుడు వస్తుందో తెలుస్తుంది.

అప్పటికీ కదలకపోతే ఎక్కడికి పోవాలి? చాలామంది వినియోగదారుల కమిషన్ అంటారు. 2019 చట్టంలో వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవాళ్లు వినియోగదారులు కారు. స్వయం ఉపాధికి ఇచ్చిన మినహాయింపులోనూ కొన్న వస్తువుల మాటే ఉంది, సేవల మాట లేదు. కాబట్టి దుకాణం సైటు మీద అక్కడికి పోతే మొదటి వాయిదాలోనే ఈ అభ్యంతరం వస్తుంది. అంతకంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోవడం నయం. ఫీజు లేదు, అక్కడ ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అయితే అవతలివాడు కూర్చోవడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే సివిల్ కోర్టు, మూడేళ్లలోపు. అరవై వేల తగాదాకు వకీలు ఫీజు, తిరుగుడు లెక్కేసుకుంటే అది చివరి దారే.

ఇక్కడ అంతదాకా పోలేదు. రోబోట్స్ ఫైలు ఆ రోజే మార్చాడు, పేమెంటు 3న సరయింది. మేం మళ్లీ యూపీఐ యాప్‌లో ఆగిపోయి కట్టి చూశాం, ఆర్డరు వచ్చింది. ఫొటోలు, మిగతావి 20 దాటి రెండు రోజులకు అయ్యాయి. కరపత్రాల దగ్గర వాదన వచ్చింది. "ఎనిమిది రోజులు మీవి గదా అక్కా" అన్నాడు. సగం, అంటే 2,400 తగ్గించుకుని 12,600 పంపారు. కోడ్ బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు. మూడు నెలలు లోపం ఏదొచ్చినా ఉచితంగా చూస్తానని అదే కాగితంలో రాయించాం. సంక్రాంతికి ముందు ఒకసారి పేమెంటు మళ్లీ ఆగింది, కాగితంలోని ఆ మాట చూపించి చేయించుకున్నారు.